ప్రధానోపాధ్యాయురాలి లేఖ: ఆ చీటీ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ముందు చిన్న విషయాలు. గుర్తింపు కార్డుల ఫొటోలు సోమవారం తీస్తారు. లైబ్రరీ పుస్తకాలు ఈ నెలాఖరులోగా తిరిగి ఇచ్చేయాలి. ఇక మీరంతా మాట్లాడుకుంటున్న విషయానికి వస్తాను.

గత గురువారం ఆరో తరగతిలో శరీర ఎదుగుదల గురించి పాఠం జరిగింది. పిల్లలు పేరు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద రాసి పెట్టెలో వేశారు. ఒక చీటీలో ఇలా ఉంది: "చనుమొన కింద ఒకవైపే గోళీలా గట్టిగా తగులుతోంది. బ్యాగు పట్టీ రాసుకుంటే నొప్పి. ఇది క్యాన్సరా?" టీచరుగారు దాన్ని చదివి జవాబు చెప్పారు. ఆ సాయంత్రానికే గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆడపిల్ల సంగతి మగపిల్లల ముందు చదువుతారా అని కొందరు, ఆ పాప ఎవరని ఇంకొందరు. నలుగురు పిల్లల పేర్లు కూడా ఊహించి రాశారు.

ఆ చీటీ రాసింది అమ్మాయేనని మీకు ఎవరు చెప్పారండీ?

ఎవరు రాశారో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. కానీ ఆ ప్రశ్న అమ్మాయి అడగవచ్చు, అబ్బాయీ అడగవచ్చు. అమ్మాయిల్లో యుక్తవయసు తొలి గుర్తు మామూలుగా ఇదే. ఎనిమిదేళ్లకూ పదమూడేళ్లకూ మధ్య ఎప్పుడైనా చనుమొన కింద బొత్తాం అంత గట్టిదనం కనిపిస్తుంది. చాలామందిలో ఒకవైపే మొదలై, రెండోవైపు కొన్ని వారాలకో కొన్ని నెలలకో వస్తుంది. ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. ఉందా పోయిందా అని మాటిమాటికీ నొక్కి చూస్తే నొప్పి ఎక్కువవుతుంది తప్ప లాభం లేదు. మెత్తటి నూలు లోదుస్తులు వేస్తే రాపిడి తగ్గుతుంది. ఈ గుర్తు కనిపించాక సుమారు రెండు, రెండున్నరేళ్లకు మొదటి నెలసరి వస్తుంది. అంటే తల్లికి చెప్పాల్సినవన్నీ నిదానంగా చెప్పడానికి రెండేళ్ల వ్యవధి ఉంది. రక్తం చూసి పాప భయపడిన రోజున మొదలుపెట్టాల్సిన మాటలు కావవి.

అబ్బాయిల్లో తొలి గుర్తు వృషణాలు పెరగడం. తొమ్మిదేళ్లకూ పద్నాలుగేళ్లకూ మధ్య మొదలవుతుంది, ఇంట్లో ఎవరి కంటా పడదు. ఆ తర్వాత కొన్నాళ్లకు దాదాపు సగం మంది అబ్బాయిల్లో చనుమొన కింద ఇలాంటి గడ్డే వస్తుంది. ఆ వయసులో ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ హార్మోన్ల పాళ్లు కొంతకాలం అటూఇటూ అవుతాయి, అందుకే ఇది. ఎక్కువమందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతట అదే తగ్గిపోతుంది. ఈలోగా ఆ అబ్బాయి భుజాలు ముందుకు వంచి నడుస్తాడు, ఎండలో కూడా వదులు చొక్కా విప్పడు, ఆటల పీరియడ్‌కి కడుపునొప్పి అంటాడు. ఎందుకో ఎవరికీ చెప్పడు. చర్మం ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చనుమొన నుంచి ద్రవం కారినా, గడ్డ చనుమొన కింద కాకుండా పక్కన ఉన్నా, వేగంగా పెరుగుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. అబ్బాయైనా అమ్మాయైనా అంతే.

నా మనసులో చాలాకాలంగా ఉన్న మాట ఇక్కడ చెప్పాలి. ఆడపిల్లలకు అమ్మో పిన్నో ఎంతో కొంత చెబుతారు. మగపిల్లలకు ఎవరు చెబుతున్నారు? గొంతు బొంగురుపోతే నవ్వుతాం. నూనూగు మీసం వస్తే చుట్టాల ముందు పిలిచి చూపిస్తాం. నిద్రలో వీర్యం పోయి పక్క తడిసిన రోజున, అది జబ్బు కాదని, తప్పు అంతకన్నా కాదని, లోదుస్తులు మార్చుకుంటే సరిపోతుందని ముందుగా చెప్పిన తండ్రి ఎంతమందికి ఉన్నాడు? చెప్పకపోతే ఆ పిల్లవాడు ఫోన్‌లో వెతుకుతాడు, అక్కడ దొరికేది మీరు చూడలేరు. నాన్నలూ, ఈ పని మీది. పాఠశాల సాయపడుతుంది, మీ బదులు చేయలేదు.

ఏడో తరగతి పిల్లలు ముగ్గురు ఈ పాఠం కోసం మూడు మీటర్ల కాగితంపై వయసుల పట్టీ గీశారు. దానిలో ఒక్క అంకె తప్పు లేదు! పదకొండేళ్లు నిండిన ఇద్దరిని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినట్టు చూపించారు. అమ్మాయికి యుక్తవయసు తొమ్మిదో ఏట మొదలైంది, ఎత్తు 152 సెంటీమీటర్లు, ఆమె వేగంగా పెరిగే దశ దాదాపు అయిపోవచ్చింది. నెలసరి మొదలయ్యాక సాధారణంగా మరో ఐదారు సెంటీమీటర్లే పెరుగుతుంది. అబ్బాయి 138 దగ్గర ఉన్నాడు. అతనికి పదమూడో ఏట మొదలవుతుంది, బాగా ఎత్తు పెరిగేది ఆ తర్వాత రెండేళ్లకు. మొదలవడంలో ఇద్దరికీ నాలుగేళ్ల తేడా, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఆ పట్టీ మెట్ల దగ్గర గోడకు ఉంది, సమావేశానికి వచ్చినప్పుడు తప్పక చూడండి. "వాడు చూడు ఎంత పెరిగాడో" అనే ముందు ఒక్కసారైనా చూడండి.

లెక్క పక్కవాళ్లతో కాదు, పిల్లవాడి పాత ఎత్తుతోనే. ఆరు నెలలకోసారి, చెప్పులు లేకుండా, అదే గోడ దగ్గర కొలిచి తేదీ రాయండి. యుక్తవయసుకు ముందు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు మామూలు, నాలుగు కూడా లేకపోతే డాక్టరును అడగండి. అమ్మాయిల్లో ఎనిమిదేళ్లలోపు, అబ్బాయిల్లో తొమ్మిదేళ్లలోపు గుర్తులు కనిపించినా చూపించాలి. పదమూడేళ్లకు అమ్మాయికీ, పద్నాలుగేళ్లకు అబ్బాయికీ ఏ గుర్తూ లేకపోయినా, పదిహేనేళ్లకు నెలసరి రాకపోయినా చూపించాలి.

శరీరం ముందు ఎదిగితే మనసు కూడా ఎదిగిందనుకోవడం పెద్దలు తరచూ చేసే పొరపాటు. పొడుగ్గా ఉన్న పదేళ్ల పాప పదేళ్ల పాపే. "ఇంత దానివయ్యావు, ఇంకా బొమ్మలేంటి" అనకండి. చిన్నమాటకు ఏడవడం, తలుపు ధడేల్మని వేయడం, గంట తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి పక్కన కూర్చోవడం ఈ వయసులో సహజం. ఉద్వేగం పుట్టించే మెదడు భాగాలు ముందుగా చురుకవుతాయి, దాన్ని అదుపు చేసే ముందుభాగం ఎదగడం ఇరవై దాటాక కూడా సాగుతుంది. నిద్ర వచ్చే వేళ కూడా ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది. దానికి తోడు పక్కలో ఫోన్ ఉంటే ఉదయం మా దగ్గరికి వచ్చేది సగం నిద్రలో ఉన్న పిల్లలే. ఈ మాట రాయడం ఇది మూడో లేఖలో. దయచేసి ఫోన్లు మీ గదిలో పెట్టుకోండి. అయితే రెండు వారాలు దాటి దిగులుగా ఉన్నా, తిండి, నిద్ర, స్నేహితులు వద్దనుకుంటున్నా అది వయసు ప్రభావమేనని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి.

మాట ఎలా ఎత్తాలని చాలామంది అడిగారు. ఎదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తే పిల్లలు ముడుచుకుపోతారు. బట్టలు మడతపెడుతూనో, పక్కపక్కన నడుస్తూనో పది నిమిషాలు చాలు, ఒకసారికి ఒకే విషయం. ముందు "దీని గురించి నువ్వేం విన్నావు?" అని అడగండి. విన్నదాంట్లో తప్పుంటే అదే సరిదిద్దండి. రొమ్ము, వృషణాలు, నెలసరి అని అసలు పేర్లే వాడండి, "అది", "అక్కడ" అంటే దాచాల్సిందేమో అనుకుంటారు. జవాబు తెలియకపోతే "కనుక్కుని రేపు చెబుతాను" అనండి, రేపు తప్పకుండా చెప్పండి. కోపంలో ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. చెప్పినదాన్ని అత్తయ్యకు ఫోన్‌లో వినిపించారో, ఇక రెండో ప్రశ్న మీ దగ్గరికి రాదు.

గ్రూపుల్లో రాసిన ఆ నాలుగు పేర్లను ఈ రోజే తీసేయమని కోరుతున్నాను. పెట్టె లైబ్రరీ తలుపు పక్కనే ఉంటుంది, శుక్రవారాల్లో తెరుస్తాం. ఈ వారం నుంచి మీరూ చీటీలు వేయవచ్చు, పేరు అక్కర్లేదు.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు