ఫోన్ పెట్టేసినవారికి టికెట్ ఉండదు

సంపాదకుడు గారికి,

ఫిర్యాదుల హెల్ప్‌లైన్లు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే వార్తల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: "80 శాతం కాల్స్‌కు 20 సెకన్లలోపే జవాబిచ్చాం." తొమ్మిదేళ్ల పాటు ఒక కాల్ సెంటర్‌లో ఇలాంటి రిపోర్టులు తయారుచేసిన మనిషిని నేను. ఆ వాక్యం చదవగానే, అది ఎన్ని కాల్స్‌లో 80 శాతం అని అడగాలనిపిస్తుంది. ఆ లెక్క టికెట్ల నుంచి, అంటే ఒక్కో ఫిర్యాదుకు ఏజెంట్ కంప్యూటర్‌లో తెరిచే నమోదుల నుంచి తీసిందైతే, జవాబు దొరక్క ఫోన్ పెట్టేసినవాళ్లు అందులో ఒక్కరు కూడా లేనట్టే.

ఎందుకో చెబుతాను. మనం హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ముందు మెనూ వినిపిస్తుంది. అంకె నొక్కాక క్యూలో పడతాం. ఎప్పటికో ఏజెంట్ లైన్‌లోకి వచ్చి, పేరు, సమస్య అడిగి, అప్పుడు టికెట్ తెరుస్తారు. అంటే టికెట్ మీద ఉండే సమయం మన ఎదురుచూపు మొదలైన సమయం కాదు, అది ముగిసిన సమయం. అయినా చాలాచోట్ల టికెట్ తెరిచిన సమయానికీ, దానికి మొదటి స్పందన నమోదైన సమయానికీ మధ్య తేడానే "వేచి ఉన్న సమయం" అని చూపిస్తారు. ఫోన్ ద్వారా వచ్చిన టికెట్లలో ఆ రెండూ ఒకే నిమిషంలో పడతాయి కాబట్టి తేడా సున్నా వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా వరసగా సున్నాలున్న రిపోర్టును నేనే పై అధికారులకు పంపాను. ఎవరూ అనుమానించలేదు.

కొన్నిచోట్ల ఫోన్ వ్యవస్థనూ టికెట్ సాఫ్ట్‌వేర్‌నూ కలిపి ఉంచుతారు. అక్కడ ఏజెంట్ కాల్ ఎత్తగానే టికెట్ తెరుచుకుంటుంది, క్యూలో ఎన్ని సెకన్లు గడిచిందీ దానిలోకి వచ్చేస్తుంది. ఇది చాలా మేలు. కానీ కాల్ ఎత్తితేనే టికెట్ పుడుతుంది కనుక అసలు చిక్కు అలాగే ఉంటుంది.

ఒక గంట లెక్క చూద్దాం. అంకెలు తేలిగ్గా ఉండేలా నేను వేసుకున్నవే. 11 నుంచి 12 గంటల మధ్య క్యూలోకి 200 కాల్స్ వచ్చాయి. మొదటి అరగంటలో వంద వస్తే 98 ఎత్తారు, అన్నీ 20 సెకన్లలోపే. ఇద్దరు పెట్టేశారు. రెండో అరగంటలో సగం మంది ఏజెంట్లు విరామానికి లేచారు. మళ్లీ వంద కాల్స్ వస్తే 42 ఎత్తగలిగారు, వాటిలో 20 సెకన్లలోపు ఎత్తినవి 14. మిగతా 58 మంది విసిగి పెట్టేశారు.

ఇప్పుడు టికెట్లు చూడండి. మొత్తం 140. వాటిలో 20 సెకన్లలోపు ఎత్తినవి 112. సరిగ్గా 80 శాతం. లక్ష్యం చేరుకున్నట్టే కనిపిస్తుంది. అదే 112ను క్యూలోకి వచ్చిన 200తో భాగిస్తే 56 శాతం. రెండో అరగంటను విడిగా తీస్తే 14 శాతం. మూడు అంకెలూ ఒకే గంటవి. వార్తలోకి వచ్చేది మాత్రం మొదటిదే.

సగటు వేచి ఉన్న సమయం ఇంకా ఎక్కువగా మోసం చేస్తుంది. అయిదు నిమిషాలు ఆగి పెట్టేసిన మనిషి ఆ అయిదు నిమిషాలనూ తనతోనే తీసుకుపోతాడు. పైగా ఆయన తప్పుకోవడంతో వెనకున్నవారి వంతు త్వరగా వస్తుంది, వారి టికెట్‌లో తక్కువ సమయం పడుతుంది. ఎక్కువమంది విసిగిపోయిన రోజున సగటు అంత చెడుగా కనిపించకపోవడానికి ఇదో కారణం.

మా సెంటర్‌లో దీనివల్ల జరిగిన నష్టం నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. 11.30 తర్వాత టికెట్లు తగ్గుతున్నాయని రోజూ రిపోర్టులో కనిపించేది. ఆ సమయంలో జనానికి అవసరం తక్కువ అనుకుని రోస్టర్‌లో మనుషులను ఇంకా తగ్గించారు. టికెట్లు ఇంకా తగ్గాయి. కొన్ని వారాల తర్వాత ఒక సూపర్‌వైజర్ పట్టుబట్టి ఫోన్ సర్వర్ లాగ్, అంటే ప్రతి కాల్‌కూ ఏం జరిగిందో సర్వర్ తనంతట తానే రాసుకునే చిట్టా తెప్పించారు. ఆ అరగంటలో కాల్స్ ఏమాత్రం తగ్గలేదు. తగ్గింది ఎత్తేవాళ్లే. ఆ వారాల్లో ఫోన్ చేసి పెట్టేసినవాళ్ల టెన్షన్ ఏ కాగితం మీదా లేదు.

కాబట్టి లెక్క టికెట్ల దగ్గర కాదు, క్యూ లాగ్ దగ్గర మొదలుపెట్టాలి. చాలాచోట్ల వాడే Asterisk అనే ఫోన్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుంటే, దాని queue_log ఫైల్‌లో కాల్ క్యూలో చేరగానే ENTERQUEUE, ఏజెంట్ ఎత్తితే CONNECT, ఎత్తకముందే ఫోన్ చేసినవారు పెట్టేస్తే ABANDON అని పడతాయి. ప్రతి కాల్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను టికెట్‌లో కూడా రాయిస్తే రెండింటినీ జతచేయవచ్చు. సంఖ్య లేకుండా సమయాన్ని బట్టి జతచేస్తే, రెండు సర్వర్ల గడియారాల్లో ఒకటి రెండు నిమిషాల తేడా ఉన్నా వేచి ఉన్న సమయం మైనస్‌లో రావచ్చు. మైనస్ అంకె కనిపించిందంటే జత గానీ గడియారం గానీ తప్పిందనే అర్థం. దాన్ని సున్నాగా మార్చి ముందుకు పోకూడదు.

తర్వాత కూడిక సరిచూడాలి. క్యూలో చేరినవి ఎన్నో, ఎత్తినవి, పెట్టేసినవి, వేరే క్యూకి మళ్లించినవి, సమయం దాటిందని వ్యవస్థే తెంచేసినవి కలిపితే అన్నే రావాలి. రాకపోతే కొన్ని కాల్స్ ఎక్కడో లెక్క తప్పాయి. మెనూ వింటూనే పెట్టేసినవాళ్లు ఈ కూడికలో కూడా రారు, వారిని వేరుగా చూపాలి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పెట్టేసిన ప్రతి కాల్‌నూ వైఫల్యం కింద రాయడం సరికాదు. నంబరు పొరపాటున నొక్కి అయిదు సెకన్లలో పెట్టేసేవాళ్లుంటారు. పై 60 మందిలో అలాంటివారు 8 మంది ఉంటే, వారిని తీసేసి 192తో భాగించవచ్చు, 58 శాతం వస్తుంది. తప్పులేదు. కానీ ఆ గడువు అయిదు సెకన్లా, ముప్పయ్యా అన్నది రిపోర్టులో రాయాలి, ఎందుకంటే గడువు పెంచినకొద్దీ నిజంగా ఎదురుచూసినవాళ్లు కూడా లెక్కలోంచి జారిపోతారు. అలాగే ఒకే మనిషి మూడుసార్లు ప్రయత్నించి ఉండొచ్చు. ఫోన్ నంబరును బట్టి చూస్తే 60 కాల్స్ వెనక 40 మందే ఉండొచ్చు. ఆ మనిషికి నాలుగోసారి 15 సెకన్లలో ఏజెంట్ దొరికితే టికెట్‌లో పడేది ఆ 15 సెకన్లే, మొదటి ప్రయత్నం నుంచి గడిచిన గంట కాదు.

టికెట్లు పనికిరావని నేను అనడం లేదు. సమస్య ఎన్ని రోజుల్లో తీరింది, అదే ఫిర్యాదు మళ్లీ వచ్చిందా అన్నది వాటిలోనే తెలుస్తుంది. కానీ క్యూ లాగ్‌ను భద్రపరచని సంస్థకు జనం వేచి ఉన్న సమయాన్ని గానీ, వదిలేసిన కాల్స్‌ను గానీ చెప్పే వీలుండదు. అలాంటప్పుడు రిపోర్టులో ఆ గడిని ఖాళీగా వదిలేయాలి.

ప్రజల డబ్బుతో నడిచే ప్రతి హెల్ప్‌లైన్ అరగంటకోసారి ఎన్ని కాల్స్ క్యూలో చేరాయి, ఎన్ని 20 సెకన్లలోపు ఎత్తారు, ఎందరు ఎంతసేపు ఆగి పెట్టేశారు అన్న పట్టికను బయటపెట్టాలని నా విన్నపం. మీ విలేకరులకు కూడా ఒక మనవి: ఇకముందు అధికారులు శాతం చెప్పినప్పుడు, దాన్ని ఏ సంఖ్యతో భాగించి తెచ్చారో అడిగి, ఆ సంఖ్యను కూడా శాతం పక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
కాల్ సెంటర్ రిపోర్టుల విభాగంలో పనిచేసిన ఒక పాఠకురాలు