చలివేంద్రం నీళ్లలో ఉప్పు కొలత గురించి: కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

ఉగాది దాటితే చాలు, మన ఊళ్లో సెంటరుకొక చలివేంద్రం వెలుస్తుంది. కార్పొరేషన్ పెట్టినవి, దాతలు పెట్టినవి, సంఘాలు పెట్టినవి అన్నీ కలిపి దారిన పోయే జనం దాహం తీరుస్తున్నాయి. బస్సు దిగి ఇంటికి పోయేవాళ్లకు ఆ గ్లాసెడు నీళ్లు చాలు. కానీ మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ మూటలు మోసే హమాలీలకు, బేల్దారి పనికి పోయేవాళ్లకు, రోడ్డు మీద తారు పోసేవాళ్లకు, మధ్యాహ్నం దాకా కాలువలు తీసే పారిశుధ్య కార్మికులకు ఉత్త నీళ్లు చాలవు. వాళ్ల క్యానులో కొలిచి కలిపిన ఉప్పు, చక్కెర, నిమ్మరసం ఉండేలా మీరు ఆదేశాలు ఇవ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని.

ఒక మనిషిని మా దగ్గరికి తీసుకొచ్చిన తీరు చెబితే విషయం మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ముప్పై అయిదేళ్ల హమాలీ. పొద్దున టీ తాగి పనిలోకి దిగాడు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా మూటలు మోశాడు. నీళ్లు తాగలేదని కాదు, బాగానే తాగాడు. అయినా పిక్కలు, పొట్ట కండరాలు కొంకర్లు పోయాయి. తల తిరిగింది, వాంతి వచ్చేలా ఉందన్నాడు. తోటివాళ్లు ఎండదెబ్బ అనుకొని ఇంకో రెండు చెంబుల నీళ్లు తాగించారు, అవన్నీ కక్కేశాడు.

అతని ఒంట్లో ఏం జరిగిందో లెక్క వేసి చూద్దాం. అంత ఎండలో బరువు పని చేస్తే గంటకు ముప్పావు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. నాలుగు గంటలకు మూడు నాలుగు లీటర్లు. చెమట తీరు మనిషి మనిషికీ మారుతుంది గానీ, లీటరు చెమటలో రెండు మూడు గ్రాముల ఉప్పు పోవడం మామూలే. అంటే మధ్యాహ్నానికి అతను ఎనిమిది పది గ్రాముల ఉప్పు పోగొట్టుకొని ఉంటాడు. తాగిన నీళ్లు నీటి లోటును తీర్చాయి, ఉప్పు లోటు అలాగే మిగిలింది. పైగా పొద్దున ఏమీ తినలేదు. కడుపు నిండా పప్పన్నం, ఊరగాయ తిని వచ్చేవాడికి ఆ ఉప్పు చాలావరకు తిండిలోనే అందుతుంది. అడ్డా మీద పని దొరుకుతుందో లేదోనన్న టెన్షన్‌తో తినకుండా వచ్చేవాళ్లే ముందు పడిపోతారు. ఎండకు కొత్తగా వచ్చినవాళ్లదీ అదే కథ. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అంతవరకు చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది.

అతన్ని నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాం. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఫ్యాను తిప్పాం. వాంతి తగ్గాక ఓఆర్ఎస్ గుక్క గుక్కగా పట్టించాం. లీటరు ద్రవం తాగడానికి గంట పైన పట్టింది. కొంకర్లు విడిచాయి, సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. మాట తడబడలేదు, అడిగినదానికి సరిగా జవాబు చెప్పాడు కాబట్టే నోటితో తాగించాం. మాట తేడాగా ఉన్నా, మనిషిని గుర్తుపట్టకపోయినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అప్పుడు నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా ఒంటి మీద నీళ్లు గుమ్మరిస్తూ గాలి విసరాలి. నిమ్మకాయ నీళ్లతో తగ్గుతుందని అక్కడ కూర్చోబెడితే ప్రాణం పోతుంది.

ఇక నిమ్మకాయ గురించి. నిమ్మరసంలో ఉప్పు లోటు తీర్చే సోడియం దాదాపు లేదు. దాని పుణ్యమా అని ఉప్పు నీళ్లు గొంతు దిగుతాయి, అదే దాని గొప్ప. చక్కెర కూడా రుచి కోసం మాత్రమే కాదు. పేగు గోడల్లోంచి ఉప్పు, చక్కెర జోడుగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. అలాగని తీపి ఎక్కువైతే అది పేగులోకే నీటిని లాక్కుంటుంది. ఓఆర్ఎస్ అనే పేరు పెట్టి అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలతో వచ్చిన చిక్కు ఇదే. ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉత్తర్వులిచ్చింది. మన షాపుల్లో పాత సరుకు మిగిలి ఉంటే దాన్ని తీయించే బాధ్యత మీ అధికారులకు అప్పగించండి.

అసలు ఓఆర్ఎస్ పౌడరుతోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. దాదాపు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకు. రెండు ప్యాకెట్లు తెచ్చి 20 లీటర్ల క్యానులో కలిపితే ఆ ఉప్పు పదోవంతుకు పలచబడి ఉత్త నీళ్లతో సమానమవుతుంది. అదే ప్యాకెట్టు గ్లాసులో కలిపి తాగితే చిక్కదనం అయిదు రెట్లు పెరిగి దాహం, వాంతి ఎక్కువవుతాయి. గ్లాసుకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి కాబట్టి మీద రాసిన కొలత చదివాకే చించాలి. లీటరు నీళ్ల బాటిల్ ఒకటి ఎప్పుడూ పక్కన ఉంటే కొలతకు వేరే పాత్ర అక్కర్లేదు.

అందుకే పనివాళ్లు ఉండే చోట్లకు నేను అడిగేది రెండు రకాల ద్రవాలు. అందరికీ పెట్టే 20 లీటర్ల క్యానులో గోపురం లేకుండా సమంగా గీసిన అయిదు టీస్పూన్ల ఉప్పు, అర కిలో చక్కెర, ఇరవై నిమ్మకాయల రసం. ఇందులో ఉప్పు ఓఆర్ఎస్ కన్నా బాగా తక్కువ, రోజంతా తాగేందుకు సరిపోతుంది. అప్పటికే తల తిరుగుతూ, కొంకర్లు పోతున్నవాళ్లకు మాత్రం ఓఆర్ఎస్ ప్యాకెట్టు విడిగా కలపాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అంతా సమంగా గీసినవే. పక్కన మామూలు నీళ్ల క్యాను కూడా ఉండాలి. షుగరు, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు తమ డాక్టరు చెప్పినట్టే తాగాలని బోర్డు మీద రాయించండి.

క్యాను శుభ్రత గురించీ ఒక మాట. కలిపిన ద్రవాన్ని ఆ పూటకే వాడాలి, రాత్రి మిగిలింది పారబోసి క్యాను కడగాలి. చల్లదనం కోసం ఐస్ ఫ్యాక్టరీ గడ్డలు వేయనివ్వకండి. అవి సరుకు నిల్వకు చేసినవి, తాగేందుకు కాదు. మట్టికుండ చాలు.

ఎంత తాగాలన్నది పనివాడికే తెలిసేలా చేయవచ్చు. ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, గంటకు లీటరున్నర మించకుండా. మార్కెట్ యార్డులో ఎలాగూ కాటా ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆపేటప్పుడు ఒకసారి హమాలీ దాని మీద నిలబడితే తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు నీటి లోటు ఉన్నట్టు. బరువు పెరిగితే అవసరానికి మించి తాగినట్టే, అది కూడా ప్రమాదమే. ఒంటేలు టీ రంగులోకి తిరిగితే కాటా కూడా అక్కర్లేదు, నీటి లోటు ఉందని అదే చెబుతుంది.

ఎంత బాగా కలిపినా ఈ ద్రవం నీడకు, విశ్రాంతికి బదులు కాదు. మధ్యాహ్నం ఎండ వేళ బరువు పనిని కాంట్రాక్టర్లు ఆపిస్తున్నారో లేదో కార్మిక శాఖ వాళ్లు ఆ సమయంలోనే వెళ్లి చూడాలి, ఆఫీసుకు పిలిపించి అడిగితే తెలియదు. మార్చి మొదటి వారంలోగా మార్కెట్ యార్డు, అడ్డాలు, పారిశుధ్య కార్మికుల హాజరు పాయింట్ల దగ్గర ఈ రెండు ద్రవాలు, ఒక టీస్పూను, ఒక లీటరు బాటిలు, వాటికి బాధ్యుడిగా ఒక మనిషి పేరు ఉండేలా ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను. కలిపే పద్ధతి నేర్పడానికి రమ్మంటే నేను, నాతో పనిచేసిన మరికొందరు నర్సులు వచ్చేందుకు సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కర్నూలు