కూపన్ పడింది సరే, మొత్తం ఎంత? ఏ అడ్రస్‌కి?

సంపాదకుల వారికి నమస్కారం.

రుయా, స్విమ్స్ ఆస్పత్రుల్లో రోగులకు తోడుగా ఉన్న బంధువులు, లాడ్జీల్లో దిగిన భక్తులు, యూనివర్సిటీ హాస్టళ్ల పిల్లలు, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ ఇక్కడి అమ్మానాన్నలకు సరుకులు పంపే కొడుకులు, కూతుళ్లు... మన తిరుపతిలో డెలివరీ యాప్‌ల మీద ఆధారపడేవాళ్లు వీళ్లే ఎక్కువ. డబ్బు కట్టే ముందు వీళ్లందరికీ ఒకే రకం పేజీ కనిపిస్తుంది. కూపన్ నొక్కగానే ‘₹100 ఆదా అయింది’ అని పెద్ద అక్షరాలు వస్తాయి. కట్టాల్సిన అసలు మొత్తం, వెళ్లాల్సిన అడ్రస్ మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటాయి. నష్టం జరిగేది ఈ రెండు చోట్లే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కూపన్ లెక్క చూద్దాం. ఇంట్లో ఇద్దరికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఒక ప్లేటు చపాతీ పెట్టుకుంటే ₹330 అయిందనుకుందాం. ₹399 దాటితే ₹100 తగ్గిస్తామని ఒక కూపన్ ఉంది. దానికోసం ₹80 గులాబ్ జామూన్ కలుపుతాం. ₹410లో వంద పోగా ₹310. ఇక్కడిదాకా లాభంగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ప్యాకింగ్ ₹30, డెలివరీ ₹35, ప్లాట్‌ఫామ్ ఫీజు ₹12 వచ్చి చేరతాయి. భోజనానికి, ప్యాకింగ్‌కి 5 శాతం జీఎస్టీ ₹17. డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజుల మీద 18 శాతం చొప్పున ఇంకో ₹8. మొత్తం ₹412.

కూపన్ లేకుండా, జామూన్ లేకుండా అదే ఆర్డర్ లెక్క వేస్తే ₹433 అవుతుంది. అంటే మన జేబులో మిగిలింది ₹21, వంద కాదు. జామూన్ తినాలనిపించి తీసుకుంటే మంచిదే, అది నిజంగానే లాభం. కూపన్ కోసమే తీసుకున్నవాళ్లు మాత్రం ఇరవై ఒక్క రూపాయల ఆదా అని గుర్తు పెట్టుకోవాలి. పైగా చాలా హోటళ్ల ధరలు యాప్‌లో ఒకలా, కౌంటర్ దగ్గర ఒకలా ఉంటున్నాయి. అదే భోజనం హోటల్ బోర్డు మీద ₹290 ఉంటే, నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్నవాళ్లకు ఏ కూపనూ దానికి సాటి రాదు.

కాబట్టి కూపన్ వేశాక ఒకసారి, తీసేసి ఒకసారి కింద ఉన్న ‘కట్టాల్సిన మొత్తం’ పోల్చి చూడాలి. పైన కనిపించే ‘ఆదా’ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. కొన్ని కూపన్లు ఫలానా బ్యాంకు కార్డుతో కడితేనే పనిచేస్తాయి. చివరి నిమిషంలో యూపీఐకి మార్చితే తగ్గింపు పోతుంది, మొత్తం పెరుగుతుంది. కట్టే పద్ధతి ఎంచుకున్న తర్వాత కూడా ఆ అంకెను ఇంకోసారి చూడాల్సింది ఇందుకే.

బిల్లు వివరాలు తెరిచి చూస్తే ఇంకొకటి బయటపడుతుంది. మనం అడగని విరాళం రెండు మూడు రూపాయలు, కిందటిసారి ఇచ్చిన టిప్పు ఈసారీ దానంతట అదే పడటం, మెంబర్‌షిప్ చేరిపోవడం. డెలివరీ అబ్బాయికి టిప్పు ఇవ్వడం నాకు ఇష్టమే. కానీ అది నేను ఇవ్వాలి, యాప్ నా తరఫున టిక్కు పెట్టకూడదు. వినియోగదారుడు తానుగా ఒప్పుకోకుండా ముందే టిక్కు పెట్టి ఉంచడం కుదరదని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. అడగనివి బిల్లులో దూర్చడం, ధరను మొదట దాచి చివర్లో చూపించడం, ఈ రెండింటినీ కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించింది. సరుకుల విషయంలో ఇంకా సులువు. ప్యాకెట్ మీద ఉన్న ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఇంటికొచ్చిన ప్యాకెట్ మీది ధర, బిల్లులో ఆ వస్తువు ఎదురుగా ఉన్న ధర పోల్చి, బిల్లులో ఎక్కువుంటే ఫొటో తీసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక అడ్రస్. డబ్బు లెక్క తప్పితే పోయేది పదో ఇరవయ్యో, అడ్రస్ తప్పితే భోజనమే పోతుంది. యాప్ మనకు చూపించే అడ్రస్ తరచూ కిందటిసారి వాడినదో, ‘హోమ్’ అని దాచుకున్నదో అయి ఉంటుంది. మనిషి ఆస్పత్రిలో ఉంటే ఆర్డర్ బైరాగిపట్టెడలోని తాళం వేసిన ఇంటికి వెళ్తుంది. హోటల్ వంట మొదలుపెట్టాక రద్దు చేస్తే కొన్నిసార్లు మొత్తం డబ్బూ వదులుకోవాల్సి వస్తుంది.

రాసిన అడ్రస్ సరిగ్గా ఉన్నా మ్యాపు మీది గుర్తు వేరే చోట ఉండవచ్చు. డెలివరీ అబ్బాయి బండి వెళ్లేది ఆ గుర్తును బట్టి, మనం రాసిన డోర్ నంబర్ చూసేది అక్కడికి చేరాకే. పెద్ద భవనం లోపల కూర్చుని ‘ప్రస్తుత లొకేషన్’ నొక్కితే జీపీఎస్ సిగ్నల్ సరిగా అందక గుర్తు పక్క వీధిలోనో రోడ్డు అవతలో పడుతుంది. రుయా, స్విమ్స్ దగ్గరదగ్గరే ఉన్నాయి. ఒకదానికి పెట్టిన గుర్తు రెండోదాని ఆవరణలో పడితే ఇటు పేషెంటు అన్నం కోసం ఎదురుచూడాలి, అటు ఆ అబ్బాయి గేట్ల చుట్టూ తిరగాలి. మ్యాపును వేళ్లతో పెద్దది చేసి, గుర్తును గేటు మీదికి జరిపి, సూచనల గడిలో ఏ గేటో, పక్కన ఏ మందుల షాపు ఉందో రాయాలి. వార్డు నంబర్ రాసి ప్రయోజనం లేదు, వాళ్లను లోపలికి రానివ్వరు.

బయటి ఊరి నుంచి పెద్దవాళ్లకు ఆర్డర్ పెట్టే పిల్లలు ఇంకొకటి చూసుకోవాలి. డెలివరీ అబ్బాయి ఫోన్ వెళ్లేది ఖాతాలో ఉన్న నంబరుకే. కూతురు బెంగళూరులో మీటింగ్‌లో ఉండి ఫోన్ ఎత్తకపోతే కొర్లగుంటలో తల్లి గుమ్మం దగ్గర ఎదురుచూస్తూనే ఉంటుంది. ‘వేరేవాళ్ల కోసం ఆర్డర్’ అన్న ఎంపిక ఉంటే అక్కడ అమ్మ నంబరే ఇవ్వాలి. లేకపోతే సూచనల్లో రాయాలి.

యాప్‌లు నడిపేవాళ్లను నేను కోరేది రెండే. ఫీజులు, పన్నులు కలిపిన మొత్తాన్ని కూపన్ పేజీలోనే, ఆదా అంకెతో సమానమైన అక్షరాల్లో చూపించండి. ఫోన్ ఉన్న చోటికీ డెలివరీ అడ్రస్‌కీ దూరం ఎక్కువగా ఉంటే డబ్బు తీసుకునే ముందే అడగండి. కొన్ని యాప్‌లు ఇది అడుగుతున్నాయి, అన్నీ అడగాలి.

రెండు ఆస్పత్రుల యాజమాన్యాలూ ఒక్కో గేటు దగ్గర డెలివరీ తీసుకునే చోటు ఏర్పాటు చేసి, దానికి ఒక నంబరు రాసి బోర్డు పెడితే బయట నుంచి ఆర్డర్ పెట్టేవాళ్లకు కూడా ఆ నంబరు చెప్పొచ్చు.

అడగని చార్జీ పడినవాళ్లు బిల్లు స్క్రీన్‌షాట్ తీసి ముందు యాప్‌లోని ఫిర్యాదుల అధికారికి పంపండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి అన్నది నియమం. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.